గట్టు కింద నుంచి వచ్చే ఉప్పు

డెల్టా శివారు గ్రామాల్లో ఈ మధ్య జరుగుతున్న మీటింగుల్లో మనకు ఒకే మాట వినిపిస్తోంది: "మేము చెరువు తవ్వలేదండీ, తవ్వించారు." వరి పండించే రైతు తన పొలాన్ని రొయ్యల చెరువుకు లీజుకిచ్చాడంటే బయటివాళ్లు ఆశపడి ఇచ్చాడనుకుంటారు. కొందరి విషయంలో అది నిజమే. చాలామంది విషయంలో మాత్రం పక్క చెరువు ఉప్పు ముందే వచ్చి వాళ్ల పంటను తినేసింది. లీజు కాగితం మీద సంతకం ఆ తర్వాత పెట్టారు. ఈ వరస అధికారులకు కనపడదు. దాన్ని కనపడేలా చెయ్యడం ఎలా అన్నదే ఈ నెల మన మాట.

ముందు లెక్క చూద్దాం. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. వనామీకి అంత అక్కరలేదు, 10 గ్రాముల్లో బాగా పెరుగుతుంది, ఇంకా తక్కువలోనూ బతుకుతుంది. 2009లో వనామీకి అనుమతి వచ్చాక చెరువులు సముద్రపు ఒడ్డు వదిలి లోపలి పొలాల్లోకి రాగలిగింది అందువల్లే. ఉప్పు బోరు ఒకటి పడితే చాలు. ఎకరం చెరువులో నాలుగడుగుల లోతున నీరు నిలిపారనుకోండి. లీటరుకు పదేసి గ్రాముల చొప్పున ఆ చెరువులో ఉన్న ఉప్పు దాదాపు 49 టన్నులు. ఇప్పుడు ఊట సంగతి. చెరువు అడుగు నుంచి, గట్ల నుంచి రోజుకు రెండు మిల్లీమీటర్ల నీరు ఇంకుతుందనుకుంటే (ఇది ఎక్కువేమీ కాదు) రోజుకు 80 కిలోల ఉప్పు భూమిలోకి దిగుతుంది. నాలుగు నెలల పంటలో పది టన్నులకు కాస్త తక్కువ. అందులో కొంత కిందికి పోతుంది, కొంత పక్కకు పోతుంది. చెరువు నీటి మట్టం మన పొలం కంటే ఎత్తులో ఉంటుంది కాబట్టి పక్కకు పోయేది మన వైపే వస్తుంది. ఇసుక పాలు నేలలో ఇది త్వరగా జరుగుతుంది. బరువు నేలలో నెమ్మదిగా జరుగుతుంది, కానీ అక్కడ ఒకసారి పట్టిన ఉప్పు వదలడం కష్టం.

పొలంలో దీన్ని గుర్తుపట్టడం మనకు తెలిసిన పనే. మామూలు చౌడు పొలంలో ఎక్కడపడితే అక్కడ మచ్చలుగా కనిపిస్తుంది. చెరువు ఊట మాత్రం గట్టు వైపు నుంచి వరసగా వస్తుంది. ముందు గట్టు పక్క సాళ్లలో నాటిన నారు నిలదొక్కుకోదు, ఆకు కొనలు తెల్లగా ఎండుతాయి, తర్వాత తాలు పెరుగుతుంది. మాఘం దాటి ఎండలు ముదిరాక గట్టు మొదట్లో తెల్లటి పేటు కడుతుంది. మరుసటి ఏడు ఆ గీత మరికొంత లోపలికి జరుగుతుంది.

మా సభ్యుడైన ఒక కౌలు రైతు పొలంలో ఇదే జరిగింది. ఎకరంన్నర చేను, రెండు పక్కలా చెరువులు. దాళ్వాలో ఎకరానికి 40 బస్తాలు పండే చోట రెండో ఏటికి పాతికకు దిగింది. మక్తా మాత్రం ఒక్క బస్తా తగ్గలేదు. మట్టి పరీక్ష చేయించుకుని రిపోర్టు పట్టుకుని వెళ్తే, "లవణ సాంద్రత 2 లోపే ఉంది, మీ నేల బాగానే ఉంది" అని తిప్పి పంపారు.

మనం మోసపోయేది ఇక్కడే. వరి 3 దాకా తట్టుకుంటుందనీ, ఆపైన పెరిగే ప్రతి పాయింటుకూ దిగుబడి సుమారు 12 శాతం పడిపోతుందనీ పుస్తకాల్లో ఉన్న మాట నిజమే. కానీ ఆ 3 అనేది మట్టిని తడి ముద్దగా చేసి, దాని నుంచి పీల్చి తీసిన నీటిలో కొలిచేది. మన ల్యాబుల్లో సాధారణంగా ఒక పాలు మట్టికి రెండు, రెండున్నర పాళ్ల నీరు కలిపి కొలుస్తారు. నీరు ఎక్కువ కలిస్తే ఉప్పు పలచబడుతుంది, అంకె తగ్గుతుంది. నేలను బట్టి అసలు అంకె దానికి రెండింతలు, మూడింతలు కూడా ఉండొచ్చు. మన సభ్యుడి రిపోర్టులోని 2 లోపు అంకె అతని పొలంలో దాదాపు 6 దాకా ఉండొచ్చు. పాతిక బస్తాలతో అది సరిపోతుంది. కాబట్టి రిపోర్టు తీసుకునేటప్పుడు ఏ పద్ధతిలో కొలిచారో రాసి ఇమ్మని అడగండి.

ఇంకో సంగతి, ఒక్క రిపోర్టుతో ఏదీ రుజువు కాదు. "మీ నేల మొదటి నుంచీ చౌడే" అంటారు. అందుకే పక్కన చెరువు తవ్వకం మొదలవుతుందని తెలియగానే, నీళ్లు పెట్టకముందే మట్టి తీయించాలి. గట్టు నుంచి 10 అడుగులు, 50 అడుగులు, 150 అడుగుల దూరంలో, ఒక్కోచోట పైమట్టి జానెడు లోతులో ఒకటి, మూరెడు లోతులో ఒకటి. రెండు పంటల తర్వాత అవే చోట్ల, అదే పద్ధతిలో మళ్లీ. గట్టు దగ్గర అంకె పెరిగి దూరంలో పెరగకపోతే ఉప్పు ఎటు నుంచి వచ్చిందో వాదన అక్కరలేదు. చందా వేసుకుంటే ఊరంతా చేయించుకోవచ్చు.

జిప్సం వేస్తే పోతుందని దుకాణాల్లో చెప్తున్నారు. జిప్సం సోడియం పట్టిన కారు చౌడుకు పనికొస్తుంది. ఉప్పు తీయాలంటే మంచినీటితో కడిగి ఆ నీటిని మురుగు కాలువలోకి వదలాలి. పక్కన చెరువు ఊరుతున్నంత కాలం కడిగినా మళ్లీ వస్తుంది. పైగా మురుగు కాలువలోకి పట్టుబడి రోజున చెరువులు ఖాళీ చేస్తున్నారు, అదే నీటిని శివారు రైతులు మోటార్లతో ఎత్తుకుంటున్నారు.

ఈ కథ మడ అడవుల దగ్గర మొదలైందని మరిచిపోకూడదు. టైగర్ రొయ్య రోజుల్లో ఉప్పుటేళ్ల వెంట మడ కొట్టి చెరువులు తవ్వారు. ఆ బురదలో గంధకం ఉంటుంది, తవ్వి గాలి తగిలించగానే పులిసి ఆమ్లంగా మారుతుంది. దానికి తోడు 90ల మధ్యలో తెల్లమచ్చ తెగులు వచ్చింది. ఎన్నో చెరువులు పాడుబడ్డాయి. మడ తిరిగి రాలేదు. అలలనూ తుఫాను ఉప్పెననూ కాచే కంచె పోయింది, పీతలు, చేపలు పెరిగే చోటు పోయింది.

1996 డిసెంబరులో ఎస్. జగన్నాథన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు వ్యవసాయ భూములనూ, మడ అడవులనూ, ఉప్పు మడులనూ రొయ్యల చెరువులుగా మార్చకూడదని స్పష్టంగా చెప్పింది. తర్వాత 2005లో తీరప్రాంత ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చింది. దాని మార్గదర్శకాల్లో పంట భూమికీ చెరువుకూ మధ్య నేలను బట్టి 50 నుంచి 100 మీటర్ల దూరం ఉండాలని రాసుంది. 50 మీటర్లంటే 164 అడుగులు. మన ఊళ్లలో ఎన్ని చోట్ల గట్టు మీద నిలబడి ఇటు వరి, అటు రొయ్య చూడలేం?

ఆక్వా రైతు మన శత్రువు కాదు. ఎకరం లీజుకు తీసుకుని మేత బాకీ, సీడు బాకీ నెత్తిన పెట్టుకుని ఏరేటర్ శబ్దంలో నిద్ర లేకుండా కూర్చునేవాడూ మనవాడే. దూరం పాటించనివాడికి కూడా అనుమతి కాగితం ఇచ్చిన చేతిని అడగాల్సి ఉంది. వచ్చే నెల మండల కార్యాలయం ముందు మనం పెట్టబోయే అర్జీలో మూడు కోరుతున్నాం: అనుమతికి ముందు చుట్టుపక్కల పొలాల మట్టి పరీక్ష, చెరువుకూ పొలానికీ మధ్య చెరువు అడుగు కంటే లోతైన ఊట కాలువ, దాని ఖర్చు చెరువు యజమానిదే, అభ్యంతరం చెప్పేందుకు పట్టా ఉన్నవాళ్లతో పాటు కౌలు రైతులకూ హక్కు. మట్టి రిపోర్టులు ఉన్నవాళ్లు అసలు కాగితం దగ్గర ఉంచుకుని, నకలు మాత్రం గ్రామ కమిటీకి ఇవ్వండి.