ఆ "హాయ్ ఆల్"కి హాయ్ చెప్పకండి

మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక మర్యాద పాతుకుపోయింది. ఎవరైనా "హాయ్ ఆల్" అనగానే ఇరవై మంది హాయ్‌లు, దండాలు, పూలగుత్తులు పెట్టేస్తారు. నన్నడిగితే అది మర్యాద కాదు, అడ్డం పడటం.

ఎప్పుడూ మాట్లాడని మనిషి, వేళ కాని వేళ ఒక్క హాయ్ పెట్టి ఆగిందంటే ఆమెకు ఏదో కావాలి, అడగడానికి మొహమాటం. మా ఓబులదేవరచెరువులో మజ్జిగ తోడుకు పోయినా నేరుగా అడగం. "ఏం చేస్తాండావక్కా?" అని మొదలుపెడతాం. అక్క మన మొహం చూసి "ఏం కావాలమ్మీ?" అంటుంది. రెండొందల మంది గ్రూపులో మొహం కనపడదు కదా!

మొన్న మా గ్రూపులో ఒక కోడలు రాత్రి ఎనిమిదిన్నరకు "హాయ్ ఆల్" అంది. ఇరవయ్యారు పలకరింపులు వచ్చాయి. "ఏమ్మా?" అన్నవాళ్లు ఒక్కరూ లేరు. తొమ్మిది దాటాక ధైర్యం చేసి, అత్తకు ఆపరేషన్, బి నెగటివ్ రక్తం కావాలని రాసింది. అప్పటికి గుడ్ నైట్ బొమ్మలు మొదలయ్యాయి. ఆ గ్రూపు రక్తమున్న తమ్ముడు గల ఆవిడ అది చూసింది తెల్లారాకే. ఆపరేషన్ ఒకరోజు వెనక్కి పోయింది.

"పలకరించకపోతే ఏమనుకుంటుంది?" అంటారు. హాయ్ కొట్టగానే మన పని అయిపోయిందనిపిస్తుంది, మిగతాది ఎవరో చూసుకుంటార్లే అనుకుంటాం. అసలు చిక్కు అదే. 1968లో అమెరికాలో డార్లీ, లటానే అనే ఇద్దరు పరిశోధకులు పక్కగదిలో ఒకరికి మూర్ఛ వచ్చినట్టు విద్యార్థులకు వినిపించారు. తామొక్కరమే విన్నామనుకున్నవాళ్లలో 85 శాతం మంది మూర్ఛ ఆగేలోపే సాయానికి లేచారు. ఇంకో నలుగురు కూడా వింటున్నారనుకున్నవాళ్లలో లేచింది 31 శాతమే. నలుగురికే అంత తేడా ఉంటే రెండొందల మందికి ఎంతుంటుందో చూసుకోండి.

కాబట్టి హాయ్ వద్దు, ఒక్కరు అడగండి చాలు. ఆమె మెసేజ్‌ను నొక్కిపట్టి, మూడు చుక్కల్లో "Reply privately" ఎంచుకుని "ఏం కావాలమ్మా?" అనండి. పదిమంది ముందు చెప్పలేనిది అక్కడ చెబుతుంది. రక్తంలాంటి అవసరమైతే ఆమెనడిగి, గ్రూపులో మీరే పూర్తిగా రాయండి: ఏ గ్రూపు, ఏ ఆస్పత్రి, ఎప్పటిలోగా, ఏ నంబరు. పని అయ్యాక "దొరికింది" అని ఒక ముక్క పెట్టండి. పలకరించకుండా ఉండలేనివాళ్లు ఆ మెసేజ్ మీదే ఒక దండం గుర్తు అంటించండి. దాంతో గ్రూపులో కొత్త మెసేజ్ చేరదు.

పండగ శుభాకాంక్షలకు, రోజూ గుడ్ మార్నింగ్ పెట్టేవాళ్లకు ఇదేమీ అక్కర్లేదు. అడిగే చెల్లెళ్లకూ ఒక మాట: హాయ్, అవసరం ఒకే మెసేజ్‌లో రాయండి. మొహమాటం మజ్జిగ దగ్గర సరే, రక్తం దగ్గర వద్దు.