ఉదయగిరి నుంచి నలభై అయిదు జీబీ

మన సాఫ్టువేరు వాళ్ళకో జబ్బుంది. ఎవరేం అడిగినా "క్లౌడ్‌లో పెట్టెయ్" అంటాం. పోయినేడు నేనూ అదే అన్నాను, మా తమ్ముడితో (బాబాయి కొడుకు). వాడిది ఉదయగిరి. అక్కడి చెక్క చెంచాల పనివాళ్ళ మీద చిన్న డాక్యుమెంటరీ తీశాడు. ఎడిటింగ్ నేను చేస్తానన్నాను, హైదరాబాదులో కూర్చుని.

రెండ్రోజులకి ఫోను. "ఏందన్నా ఇది, రాత్రి డెబ్భై పర్సెంట్ కాడ వదిలేసి పడుకున్నా. తెల్లారి చూస్తే మళ్ళీ మొదటికొచ్చింది!" మధ్యలో కరెంటు పోయిందట.

అప్పుడు గానీ నేను లెక్క వేయలేదు. కెమెరా 4K, సెకనుకి 100 మెగాబిట్లు. అంటే గంట రష్‌కి 45 జీబీ. వాడి లైనుకి అప్‌లోడ్ 2 మెగాబిట్లు. ఒక్క ఆటంకం లేకపోయినా 50 గంటలు! అదే హార్డ్ డిస్కు జేబులో వేసుకుని బస్సెక్కితే, ఆత్మకూరుకి రెండు గంటలనుకున్నా, సెకనుకి 50 మెగాబిట్లు పంపినట్టు. ఆ డిస్కు నుంచి ఒక కాపీ తీసి ఆత్మకూరులో స్నేహితుడి స్టూడియోలో ఉంచమన్నాను. అది బ్యాకప్పు. ఎడిటింగ్ కోసమైతే ఒరిజినల్ నాకు అక్కర్లేదని అప్పటికి తెలిసొచ్చింది.

ఇది కొత్త విద్యేం కాదు. ఫిల్ము రోజుల్లో ఎడిటరు నెగటివ్ ముట్టుకునేవాడు కాదు. అది ల్యాబులో భద్రంగా ఉండేది. ఆయన కోసేది రష్ ప్రింటు. చివర్లో అంచు మీది నంబర్లు చూసి, నెగటివ్‌ని దాని ప్రకారం కట్ చేసేవారు. ప్రాక్సీ అంటే ఆ రష్ ప్రింటే. అంచు నంబర్ల పని టైమ్‌కోడ్ చేస్తుంది.

తమ్ముడి చేత ఒక్కో క్లిప్పుకీ ఇది నడిపించాను:

```
ffmpeg -i C0012.MP4 -vf scale=960:540 -c:v libx264 \
 -b:v 1500k -g 12 -c:a aac -b:a 128k proxy/C0012.MP4
```

గంట రష్ ముప్పావు జీబీ లోపలికి దిగింది. `-g 12` ఎందుకంటే, కీ ఫ్రేములు దగ్గర దగ్గరగా ఉంటే టైమ్‌లైను మీద ముందుకీ వెనక్కీ జరుపుతున్నప్పుడు పాత ల్యాప్‌టాప్ కూడా నత్తనడక నడవదు. సైజు తగ్గించొచ్చు గానీ ఫైలు పేరు, ఫ్రేమ్ రేటు, టైమ్‌కోడ్, ఆడియో ఛానళ్ళ సంఖ్య మారకూడదు. మారితే తర్వాత ఒరిజినల్‌తో జతకలవదు.

పంపడానికి బ్రౌజరు వద్దన్నాను. నా సర్వరుకి ఇలా:

```
rsync -av --partial --append-verify --bwlimit=200 \
 proxy/ user@server:rushes/
```

కరెంటు పోయి వచ్చాక ఇదే కమాండు మళ్ళీ కొడితే చాలు, ఆగిన చోటి నుంచి అందుకుంటుంది. `bwlimit` పెట్టకపోతే అప్‌లోడ్ మొత్తం లైనుని మింగేసి, ఇంట్లో వాళ్ళ ఫోన్లలో ఏమీ తెరుచుకోదు. అప్పుడు వాళ్ళే రౌటరు పీకేస్తారు! దాంతో గంట రష్ గంటలో వచ్చేసింది.

దెబ్బ తిన్నది ఒక్కచోట. కొన్ని షాట్లు ఫోనుతో తీశాడు. ఫోన్లు ఫ్రేమ్ రేటుని వెలుతురుని బట్టి మారుస్తుంటాయి. క్లిప్పు మొదట్లో అంతా బాగానే ఉంది, చివరికొచ్చేసరికి ఉలి దెబ్బ కంటే చప్పుడు ముందొచ్చింది. అందుకే ప్రాక్సీ చేయగానే క్లిప్పు చివర ఒక చప్పుడు పట్టుకుని ఒరిజినల్‌తో పోల్చి చూడాలి. తేడా ఉంటే, ఫోను క్లిప్పుని ముందు ఎక్కువ క్వాలిటీలో స్థిరమైన ఫ్రేమ్ రేటుకి మార్చి, దాన్నే ఒరిజినల్ అనుకుని ప్రాక్సీ తీయాలి.

ఇంకో పరిమితి: 540 లైన్లలో ఫోకస్ సరిగ్గా ఉందో లేదో తెలియదు. అనుమానమొచ్చిన షాట్లకి పూర్తి సైజు స్టిల్ ఒక్కోటి తెప్పించుకున్నాను. రెండు షాట్లు తీసేయాల్సొచ్చింది. రంగులు దిద్దడం కూడా ఒరిజినల్ ఉన్న చోటే.

ఎడిటింగ్ అయ్యాక నేను తిరిగి పంపింది ప్రాజెక్టు ఫైలు మాత్రమే, ఒక్క మెగాబైటు కూడా లేదు. వాడు ఉదయగిరిలోనే ఒరిజినల్స్‌కి లింకు చేసి రాత్రిపూట రెండర్ పెట్టాడు, మూడేసి నిమిషాల ముక్కలుగా. కరెంటు పోతే ఒక్క ముక్కే పోతుంది. పన్నెండు నిమిషాల సినిమా, సెకనుకి 12 మెగాబిట్ల చొప్పున, సుమారు ఒక జీబీ. అది ఆ లైను మీద గంటంబావులో ఎక్కేసింది.

"మీ ఊరికి మంచి లైను రానీ, అప్పుడు చూద్దాం" అనే మాట నేనిక అనను. రావాల్సిందే, కాదనను. కానీ యాభై గంటలు తగలేసింది లైను కాదు, ఏది పంపాలో ఆలోచించని నా సలహా. మనలో ఎంతమందిమి సలహా చెప్పేముందు అవతలివాడి అప్‌లోడ్ స్పీడెంతో అడిగాం?