చీటీ ఇచ్చాక చేతులు దులుపుకుంటే చెల్లదు

బంట్వారం మండలం నుంచి పని మీద పట్నం పోయేవారు తమ మోటారు సైకిలును తాండూరులోనో, వికారాబాదులోనో స్టాండులో పెట్టి రైలో, బస్సో ఎక్కడం మామూలు. స్టాండువాడు డబ్బు తీసుకుని, బండి నెంబరు వేసి ఒక చీటీ చేతిలో పెడతాడు. ఇలాంటి చీటీల మీద తరచుగా కనిపించే మాట ఒకటి ఉంది. “వాహనం యజమాని సొంత పూచీపై నిలుపుకోవలెను. పోయినా, పాడైనా యాజమాన్యం బాధ్యత వహించదు.” సాయంత్రం తిరిగి వచ్చేసరికి బండి లేకపోతే స్టాండువాడు ఆ అక్షరాలే చూపిస్తాడు. అచ్చులో ఉంది గనుక ఇక చేసేదేమీ లేదనుకుని బండి యజమాని తల వంచుకుని ఇంటిదారి పడతాడు. అలా తల వంచనక్కర లేదని దేశంలోని అత్యున్నత న్యాయస్థానమే చెప్పిన సంగతి పల్లెల దాకా చేరలేదు.

ఆ వ్యాజ్యం ఢిల్లీలోని తాజ్ మహల్ హోటలుది. 1998 ఆగస్టు 1న రాత్రి ఒకాయన మారుతీ జెన్ కారులో ఆ హోటలుకు వెళ్ళాడు. కారునూ తాళంచెవినీ హోటలు నౌకరుకు అప్పగించి, చీటీ తీసుకుని లోపలికి పోయాడు. అర్ధరాత్రి దాటాక బయటికి వచ్చి కారు అడిగితే, దాన్ని వేరెవరో తీసుకుపోయారన్నారు. విచారిస్తే తెలిసిందేమంటే, వేరే కారులో వచ్చిన ముగ్గురు కుర్రాళ్ళలో ఒకడు తన కారు తెమ్మని నౌకరును పురమాయించి, ఆ సందులో ఈ కారు తాళంచెవి చేజిక్కించుకుని ఉడాయించాడు. కాపలావాడు ఆపబోయినా ఆగలేదు. కారు మళ్ళీ దొరకలేదు.

బీమా కంపెనీ యజమానికి 2,80,000 రూపాయలు చెల్లించి, ఆ పైకం రాబట్టుకోవడానికి ఆయనతో కలిసి హోటలు మీద వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేసింది. హోటలు చూపించిన ఆధారం చీటీయే. అతిథి సొంత పూచీ మీదనే వాహనం నిలుపుతున్నాడనీ, దొంగతనానికి, నష్టానికి యాజమాన్యం జవాబుదారీ కాదనీ దాని మీద అచ్చువేసి ఉంది. ఢిల్లీ రాష్ట్ర కమిషన్, తరువాత జాతీయ కమిషన్ హోటలుదే బాధ్యత అన్నాయి. 2019 నవంబరు 14న సుప్రీంకోర్టు కూడా హోటలు అప్పీలును కొట్టివేసింది.

కోర్టు ఆధారం చేసుకున్న చట్టం కొత్తదేమీ కాదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనిదే. ఒకరి వస్తువును మరొకరు, పని తీరాక తిరిగి ఇచ్చే షరతు మీద తమ అధీనంలోకి తీసుకుంటే, వివేకం గల మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో అంత జాగ్రత్త చూపాలని 151వ సెక్షను అంటుంది. చాకలికి బట్టలు, కంసాలికి బంగారం ఇచ్చినా ఇదే సూత్రం. అంత జాగ్రత్త పడినా వస్తువు పోతే బాధ్యత ఉండదని 152వ సెక్షను చెబుతుంది. కనుక వస్తువు పోయినప్పుడు తేల్చవలసినది జాగ్రత్త పడ్డారా లేదా అన్నదే.

ఇక్కడ సుప్రీంకోర్టు రెండు మాటలు తేటగా చెప్పింది. మొదటిది, తాళంచెవి తీసుకుని బండిని తమ అధీనంలో ఉంచుకున్న హోటలు, తన నౌకర్ల నిర్లక్ష్యం వల్ల కలిగిన నష్టానికి బాధ్యత లేదని చీటీ మీద రాసి తప్పించుకోలేదు. రెండవది, నిర్లక్ష్యం లేదని రుజువు చేసే భారం ముందుగా హోటలు మీదనే ఉంటుంది. అది రుజువైన తరువాతనే చీటీ మీది మినహాయింపు రంగంలోకి వస్తుంది. ఇది సామాన్యుడికి పెద్ద ఊరట. బండి పెట్టిపోయినవాడికి వెనుక ఏమి జరిగిందో తెలిసే వీలు లేదు. కాపలా ఎవరిది, తాళంచెవులు ఎక్కడ ఉంచారు అన్నవి బండి పెట్టించుకున్నవాడికే తెలియాలి.

అయితే ఈ తీర్పు ప్రతి స్టాండుకూ అచ్చంగా వర్తిస్తుందనుకోరాదు. బండి యజమాని తానే ఖాళీ చోటు చూసి నిలిపి, తాళంచెవి జేబులో వేసుకుపోతే, కేవలం చోటు అద్దెకు ఇచ్చామని అవతలివారు వాదించవచ్చు. అలాంటి సందర్భాల్లో ఏ బండికి ఆ బండి పరిస్థితులు చూసి తేల్చవలసి ఉంటుంది. ఇక్కడ అడగవలసిన ప్రశ్న ఒక్కటే. బండి మీద పెత్తనం ఎవరి చేతిలో ఉంది?

ఒక రైతు కందుల పైకం కోసం వెళుతూ స్టాండులో మోటారు సైకిలు పెట్టాడనుకుందాం. హ్యాండిలుకు తాళం వేసి తాళంచెవి తన దగ్గరే ఉంచుకున్నాడు. కాని ఆ స్టాండుకు చుట్టూ కంచె ఉంది, ఒకటే గేటు ఉంది, చీటీ చూపనిదే ఏ బండినీ బయటికి వదలరు. తాళంచెవి లేకపోయినా బండి మీద పెత్తనం స్టాండుదేనని ఆ రైతు గట్టిగా వాదించవచ్చు. చీటీ చూడకుండా బండి ఎలా వదిలారన్న ప్రశ్నకు స్టాండువాడు జవాబు చెప్పుకోవలసి ఉంటుంది. అదే కంచె, గేటు, కాపలా లేని బయలులో డబ్బు పుచ్చుకుని చీటీ ఇచ్చి ఊరుకుంటే రైతు వాదం బలహీనపడుతుంది. డిక్కీలో పెట్టి చెప్పకుండా పోయిన నగదు సంగతి మరీ కష్టం. స్టాండువాడు తనకు తెలియని వస్తువుకు కాపలా ఒప్పుకున్నాడనడం సులభం కాదు.

షరతు ఎప్పుడు తెలిపారన్నదీ ముఖ్యమే. డబ్బు తీసుకుని బండి లోపల పెట్టించాక చేతికి వచ్చే చీటీ వెనుక చిన్న అక్షరాల్లో ఉన్న మాటకు యజమాని ఎప్పుడు ఒప్పుకున్నట్టు? లండన్‌లోని ఒక కారు గ్యారేజీ వ్యాజ్యంలో 1970లో అక్కడి అప్పీలు కోర్టు ఇదే ప్రశ్న వేసింది. యంత్రం నుంచి చీటీ వచ్చేసరికే ఒప్పందం ముగిసిందనీ, ఆ తరువాత కనిపించే షరతులు గాయపడిన మనిషిని కట్టిపడేయలేవనీ తీర్పు చెప్పింది.

బండి పోయినవారు వెంటనే చేయవలసిన పనులు కొన్ని ఉన్నాయి. ఎవరడిగినా అసలు చీటీని ఇచ్చేయరాదు. దాని రెండు వైపులా ఫోటో తీసుకోవాలి. ఆ రోజే స్టాండువారికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి నకలు మీద సంతకం తీసుకోవాలి. పోలీసు స్టేషనులో ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయించి బీమా కంపెనీకి తెలపాలి. పల్లెల్లో చాలా బండ్లకు ఉండేది థర్డ్ పార్టీ బీమాయే. దాని కింద దొంగతనానికి పరిహారం రాదు. అలాంటివారికి స్టాండు మీద దావాయే మిగిలిన దారి. రెండేళ్ళలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. 2019 నాటి చట్టం ప్రకారం ఫిర్యాదుదారు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. స్టాండు కాంట్రాక్టరుతో పాటు, ఆ స్థలాన్ని కాంట్రాక్టుకిచ్చిన సంస్థను కూడా ప్రతివాదిగా చేర్చడం మేలు.

స్టాండులను వేలం వేసి ఆదాయం పొందే సంస్థలకూ ఇందులో బాధ్యత ఉంది. పాట ఎంతకు పోయిందన్న లెక్కతో సరిపెట్టక, కంచె, రాత్రి కాపలా, గేటు దగ్గర చీటీ సరిచూడడం తప్పనిసరి అని ఒప్పందంలో రాయించాలి. చీటీ మీద బాధ్యత లేదన్న మాట తీసివేయించి, ఫిర్యాదు ఎవరికి చేయాలో అచ్చు వేయించాలి. డబ్బు తీసుకునే చెయ్యే బండికి జవాబు చెప్పాలి.