ఖాళీ పక్క ఫ్లోర్‌లోనే ఉంది, కానీ మనకెవరు చెప్తారు?

ఐటీ కంపెనీల్లో చేరిన మన పిల్లలు ప్రాజెక్టులో ఇమడలేకపోతే ముందు చేసే పని బయట రెజ్యూమే పెట్టడం. తాము పనిచేసే కంపెనీలోనే ఇంకో టీములో ఖాళీ ఉందేమో చూసేవాళ్లు తక్కువ. తెలుగు పాఠాలు చెప్పుకునేవాళ్లకి ఐటీ సంగతులెందుకు అంటారేమో. మా కాలేజీలో బీఎస్సీ కంప్యూటర్స్ చదివి హైదరాబాద్ వెళ్లినవాళ్లు రాజీనామా చేసే ముందు నాకు ఫోన్ చేస్తారు. ఇది ఆ ఫోన్లలోంచి తెలుసుకున్న సంగతి.

పెద్ద ఐటీ కంపెనీల్లో లోపలి ఖాళీల కోసం ఒక పోర్టల్ ఉంటుంది. ఇంటర్నల్ జాబ్ పోస్టింగ్, ఐజేపీ అంటారు. చాలాచోట్ల నిబంధన ఏమిటంటే, ఇప్పుడున్న ప్రాజెక్టులో ఏడాదో ఏడాదిన్నరో పూర్తిచేసి ఉండాలి, రేటింగ్ బాగుండాలి. కాగితం మీద అందరికీ ఒకటే దారి. అసలు సమస్య ఏమిటంటే, ఖాళీ పోర్టల్‌లోకి ఎక్కేలోపే క్యాంటీన్‌లో తిరిగేస్తుంది. మేనేజర్‌తో కలిసి భోంచేసేవాడికీ, 'మనోడే' అనిపించుకున్నవాడికీ ముందే తెలుస్తుంది. ఇంట్లో మొదటిసారి ఆఫీసు మెట్లెక్కిన పిల్లకి పోర్టల్ తప్ప వేరే దిక్కు లేదు. ప్రైవేటు ఉద్యోగాల్లో రిజర్వేషన్ లేదు గానీ, పరిచయాల రిజర్వేషన్ మాత్రం దర్జాగా నడుస్తోంది.

నాకు తెలిసిన ఒకమ్మాయి ఒక బ్యాంకు ప్రాజెక్టులో నాలుగేళ్ల రెండు నెలలుగా మాన్యువల్ టెస్టింగ్ చేస్తోంది. సొంతంగా పైథాన్, సెలీనియం నేర్చుకుంది. ఆటోమేషన్‌లోకి వెళ్లాలని ఆశ. బయటికి వెళ్దామంటే నోటీసు 90 రోజులు, బయటి కంపెనీలేమో వెంటనే చేరేవాళ్లు కావాలంటాయి. పైగా గ్రాట్యుటీ. రెగ్యులర్ ఉద్యోగికి మామూలుగా అయిదేళ్లు నిండాలి. లెక్కకి తీసుకునే నెల జీతం 26,000 అనుకుంటే, దాన్ని 26తో భాగించి 15తో గుణిస్తే ఏడాదికి 15,000. అయిదేళ్లకి 75,000. పది నెలల ముందు మానేస్తే అది పోయినట్టే. అదే కంపెనీలో ప్రాజెక్టు మారితే సర్వీసు తెగదు.

ఆమె ముందుగా కంపెనీ సిస్టమ్‌లో తన స్కిల్ ప్రొఫైల్ తెరిచి చూసింది. అందులో ఇంకా 'మాన్యువల్ టెస్టింగ్' ఒక్కటే ఉంది. మనుషుల్ని ప్రాజెక్టులకి సర్దే విభాగం వెతికేది ఆ పేజీలోనే. నేర్చుకున్నవి అక్కడ లేకపోతే మీరు వాళ్ల కంటికి కనపడరు. అది సరిచేసుకుని, పోర్టల్‌లో దొరికిన ఒక ఖాళీకి దరఖాస్తు పెట్టేముందు ఆ టీము మేనేజర్‌కి నాలుగు లైన్ల మెసేజ్ పెట్టింది: ఈ ఖాళీ ఇంకా ఉందా, ఎప్పటికి మనిషి కావాలి, మొదటి మూడు నెలల్లో ఏం పని ఉంటుంది? నిజమైన ఖాళీ అయితే ఈ మూడింటికీ జవాబు ఉంటుంది. పోస్టింగ్ రెండు రోజుల్లో మూసేస్తున్నా, అర్హతలు ఎవరో ఒక్కడి కొలతలకి కుట్టినట్టున్నా, మనిషి ముందే ఖాయమై ఉండొచ్చు. అలాంటిదాని మీద ఆశ పెట్టుకోకండి.

ఇంటర్వ్యూ నెగ్గింది. చిక్కు అక్కడే మొదలైంది. పాత మేనేజర్ 'రిలీజ్ చేస్తాలే, నీ బదులు ఒకళ్లు రానీ' అన్నాడు. తేదీ లేని ఆ మాటని నమ్మి నెలలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. ఆమె పాలసీలో రిలీజ్ గడువు ఎంతో చదివి, ఆ తేదీ రాసి, పాత మేనేజర్‌కీ కొత్త మేనేజర్‌కీ హెచ్ఆర్‌కీ కలిపి మెయిల్ పెట్టింది. పని అప్పగించే పట్టిక కూడా జతచేసింది. రిలీజ్ వచ్చింది. వెళ్లేముందు ఆ ఏడాది పనిమీద పాత మేనేజర్ అభిప్రాయం సిస్టమ్‌లో రాయించుకుంది. అది లేకపోతే, మధ్యలో వచ్చిన మనిషికి కొత్త మేనేజర్ ఏదో సగటు రేటింగ్ పడేస్తాడు.

దీనికి హద్దులున్నాయి. లోపల మారితే జీతం సాధారణంగా పెరగదు. మీ బాధ జీతమే అయితే బయటికే వెళ్లండి. వేధింపు అయితే టీము మారడం పరిష్కారం కాదు, ఫిర్యాదు వేరే దారి. దరఖాస్తు పెట్టగానే పాత మేనేజర్‌కి తెలుస్తుందా, ఎంపికయ్యాకే తెలుస్తుందా అన్నది కూడా ముందే పాలసీలో చూసుకోండి.

నేను అడిగేది రెండే. ప్రతి ఖాళీనీ భర్తీకి కనీసం పది పనిదినాల ముందు అందరికీ కనపడేలా పోర్టల్‌లో పెట్టాలి. రిలీజ్ గడువు దాటితే పాత మేనేజర్ ప్రమేయం లేకుండానే బదిలీ జరిగిపోవాలి. కంపెనీలు ఆ పని చేసేదాకా, ఇప్పటికే లోపల కుదురుకున్న అన్నలూ అక్కలూ, మీ టీములో ఖాళీ వస్తోందని తెలిసిన రోజే మనవాళ్ల గ్రూపులో ఒక్క లైను రాయండి.