ఆ చీమ ఎక్కడికి పోతోంది?

గది బయట నీడపట్టున పెయింట్ డబ్బాలో మిరప మొక్కో, నూనె డబ్బాలో కరివేపాకో పెంచుకునే సోదరులు మన క్యాంపుల్లో చాలామందే ఉన్నారు. వాళ్ళు తరచూ అడిగేది ఒకటే: "అన్నా, డబ్బా నిండా చీమలే, చీమల మందు చల్లనా?" తొందరపడి చల్లకండి. ముందు ఆ చీమ ఎక్కడికి పోతోందో కాసేపు కూర్చుని చూడండి.

చీమ వచ్చేది మీ మొక్కను తినడానికి కాదు, తీపి కోసం. పేనుబంక, పిండినల్లి లాంటి పురుగులు సూదిలాంటి మూతిని మొక్కలో గుచ్చి రసం పీలుస్తాయి. ఆ రసంలో చక్కెరే ఎక్కువ, వాటికి కావలసిన మాంసకృత్తులు తక్కువ. అందుకని బోలెడు రసం తాగి, మిగిలిన తీపిని బొట్లుగా వదిలేస్తాయి. చీమ ఆ బొట్లు తాగి, ఊళ్ళో మనం గొర్లకు కాపలా ఉన్నట్టు ఆ పురుగులకు కాపలా ఉంటుంది. వాటిని తినడానికి వచ్చే అక్షింతల పురుగులను కూడా తరిమేస్తుంది.

చీమలు కాండం ఎక్కి పోతుంటే లేత చిగుళ్ళు, ఆకుల అడుగు భాగం, కొమ్మలు చీలే చోటు చూడండి. ఆకు పట్టుకుంటే వేలికి జిగురు అంటుతుంది. లీటరు నీళ్ళలో ఒక చెంచా గిన్నెలు తోమే సబ్బు ద్రవం కలిపి, ముందు ఒక్క ఆకు మీద కొట్టి చూడండి. మర్నాటికి ఆకు మాడకపోతే, ఎండ దిగాక పురుగు తడిసేటట్టు మొక్కంతా కొట్టి, పొద్దున్నే మంచినీళ్ళతో కడగండి. గుడ్ల నుంచి కొత్తవి వస్తాయి కనుక వారానికోసారి, మూడు సార్లు చేయాలి. బట్టల సర్ఫు మాత్రం వాడొద్దు, ఆకు మాడిపోతుంది.

చీమలు పైకి ఎక్కకుండా మట్టిలోకీ, డబ్బా అడుగు రంధ్రాల్లోకీ దూరుతుంటే సంగతి వేరు. మా పక్క గది జగిత్యాల తమ్ముడి మిరప ఇలాగే వాడిపోతూ వచ్చింది. పైన ఒక్క పురుగు లేదు. దాహమనుకుని అతను నీళ్ళు పోస్తూనే ఉన్నాడు. చివరికి డబ్బా వంచి మట్టిగడ్డ బయటికి లాగితే, వేళ్ళ నిండా దూది అంటుకున్నట్టు తెల్లటి మచ్చలు. పుల్లతో నొక్కితే చిదిగి తడి అయ్యాయి. బూజైతే అలా కాదు. అవి వేళ్ళను పట్టే పిండినల్లులు. పాత మట్టిని కవర్లో కట్టి పారేసి, వేళ్ళు కడిగి, డబ్బాను వేడినీళ్ళతో తోమి, కొత్త మట్టిలో నాటాం. నాలుగు రోజులు నీడలో ఉంచాం. పక్క డబ్బాలూ వంచి చూశాం, చీమలు అక్కడికీ మోసుకుపోతాయి కదా.

వేళ్ళు శుభ్రంగా ఉంటే, పొడి మట్టి దొరికిందని గూడు పెట్టాయంతే. డబ్బాను బకెట్ నీళ్ళలో అరగంట ముంచితే గుడ్లతో సహా లేచిపోతాయి.

ఒక్క జాగ్రత్త. నల్లుల కోసమని కొందరు చాటుగా అమ్మే మాత్రలను మట్టిలో పెట్టకండి. తడి తగిలితే వాటి నుంచి విషవాయువు వస్తుంది. కిటికీ పక్కన డబ్బా ఉంటే లోపల పడుకున్న వాళ్ళ ప్రాణాలే పోతాయి.