30 రోజుల్లో 10 కిలోలా? ఏదీ, లెక్క చూపించండి!

కొత్త సంవత్సరం వచ్చిందంటే చాలు, మా ఆఫీసు పక్క జిమ్ము వాళ్ళ మెయిలు ఊడిపడుతుంది. ఈసారి సబ్జెక్టు లైను ఇదీ: "మీ బానపొట్ట చూసి లాప్‌టాపే సిగ్గుపడుతోందా? 30 రోజుల్లో 10 కిలోలు మాయం!" కింద చొక్కా గుండీలు తెగిపోతున్న ఓ కార్టూను. వెటకారం సంగతి తర్వాత, ముందు లెక్క చూద్దాం.

కిలో కొవ్వు అంటే దాదాపు 7,700 కేలరీలు. పది కిలోలంటే 77,000. ముప్ఫై రోజులకి పంచితే రోజుకి 2,560 పైచిలుకు లోటు పడాలి. పొద్దస్తమానం కుర్చీలో కూర్చునే మనబోటివాళ్ళ ఒంటికి రోజంతా అయ్యే ఖర్చే 2,000, 2,200 దగ్గర ఉంటుంది. అంటే నెల్లాళ్ళూ ఉత్త మంచినీళ్ళ మీద బతికినా లెక్క తేలదు. ట్రెడ్‌మిల్ మీద గంటసేపు చురుగ్గా నడిస్తే ఖర్చయ్యేది ఓ 300.

"మరి మా ఫ్రెండు మొదటి వారమే రెండు కిలోలు తగ్గాడే" అంటారా? అందులో ఎక్కువ భాగం నీళ్ళండీ బాబూ. అన్నం తగ్గించగానే ఒంట్లో దాచుకున్న గ్లైకోజెన్ ఖర్చవుతుంది, దాంతోపాటు ఉన్న నీరూ పోతుంది. మూడో వారానికి ముల్లు మొరాయిస్తుంది. అప్పుడు మనవాడు జిమ్ముని తిట్టడు, తనకే శ్రద్ధ లేదనుకుంటాడు. దోషి వాడి పొట్టేనని మెయిల్లో ముందే తీర్పు ఇచ్చేశారు కదా! మెల్లగా మానేస్తాడు. కట్టిన ఏడాది ఫీజు మాత్రం అక్కడే ఉంటుంది.

డెల్లావిన్యా, మాల్‌మెండియర్ అనే ఆర్థికవేత్తలు అమెరికా జిమ్ముల మీద 2006లో ఒక పేపరు వేశారు. నెలకి 70 డాలర్లకు పైగా కట్టినవాళ్ళు వెళ్ళింది సగటున 4.3 సార్లు. అంటే ఒక్కోసారికి 17 డాలర్ల పైనే పడింది. పది సార్ల పాసు కొనుక్కుంటే 10 డాలర్లతో పోయేది.

నిజాయితీగా రాయాలంటే ఎంతసేపు? "వారానికి మూడు రోజులు రండి. తిండి కూడా చూసుకుంటే వారానికి అరకిలో దాకా తగ్గొచ్చు, కొన్ని వారాలు అసలు తగ్గకపోవచ్చు. మొదటి రెండు నెలల్లో అద్దంలో పెద్ద తేడా కనపడదు, కానీ ఎత్తే బరువు పెరుగుతుంది, మెట్లెక్కితే ఆయాసం తగ్గుతుంది. ముందు నెల ఫీజే కట్టండి. రిలీజు ఉండి రాలేకపోతే ఆ రోజులు కలుపుతాం." ఇందులో ఎవరి పొట్ట ప్రస్తావనా లేదు, గమనించారా?

ఇలా రాస్తే ఎవడు చేరతాడంటారు సేల్స్ వాళ్ళు. ఆర్నెల్ల ప్రాజెక్టుని ఆరు వారాల్లో ఇస్తామని క్లయింటుకి మాటిచ్చేది కూడా వీళ్ళ అన్నదమ్ములే లెండి. జనవరిలో చేరినవాళ్ళలో ఏప్రిల్లో ఎంతమంది వస్తున్నారో ఆ మెయిల్లోనే వేయమనండి. కార్డు గీకే మెషిన్లో ఆ లెక్క ఎలాగూ ఉంటుంది.