ఐదు, ఐదు: ఇష్తెహార్ మీద నంబరు ఎలా రాయాలి



మొన్న మైలవరంలో మా రిష్తేదార్ల ఇంట మయ్యిత్ అయింది. రాత్రి పదకొండు దాటింది. ఫ్రీజర్ బాక్స్ కావాలి. ఖిద్మత్ చేసే కుర్రాళ్ల నంబరు మస్జిద్ గోడ మీద ఇష్తెహార్లో ఉంది. చాచా ఆ గోడ ముందు నిలబడి ఫోన్లో చదువుతున్నారు, ఇంట్లో పిల్లవాడు రాసుకుంటున్నాడు. మూడుసార్లు చేసినా కాల్ వెళ్లలేదు. చివరికి ఒకరు బండేసుకుని వెళ్లి గోడను ఫొటో తీసుకొచ్చారు. అరగంట పోయింది.

గల్తీ ఎక్కడ జరిగిందో చెప్తాను. ఎవరి అసలు నంబరూ ఇక్కడ రాయకూడదు కనుక 5తో మొదలయ్యే నంబరు తీసుకుంటాను. మన దేశంలో పది అంకెల మొబైల్ నంబరు 6, 7, 8, 9 లతోనే మొదలవుతుంది కాబట్టి ఇది ఎవరిదీ కాదు. ఇష్తెహార్ మీద ఉన్నది ఇలాంటిదే:

5040007719

మధ్యలో సిఫర్లు ఎన్ని? చీకట్లో, కళ్లద్దాల్లోంచి చూస్తే రెండూ అనిపిస్తాయి, నాలుగూ అనిపిస్తాయి. చాచా "ట్రిపుల్ జీరో" అన్నారు, పిల్లవాడికి "డబుల్ జీరో" అని వినపడింది. తొమ్మిది అంకెలే పడ్డాయి. అదే నంబరును ఇలా రాసి ఉంటే:

50400 07719

ఇక్కడ ట్రిపుల్ అనే మాటే రాదు. "పాంచ్, సిఫర్, చార్, సిఫర్, సిఫర్" అని ఆగుతాం. తర్వాత "సిఫర్, సాత్, సాత్, ఏక్, నౌ". రాసుకునేవాడు మొదటి ముక్కలో నాలుగే పడితే అక్కడికక్కడే "ఒకటి తగ్గింది చాచా" అంటాడు. పది అంకెలు అయ్యేదాకా ఆగి లెక్కపెట్టే పని లేదు.

ఐదూ ఐదే ఎందుకు, రెండేసి ఎందుకు కాదు అని అడుగుతారు. మన ఇళ్లలో జోడీలుగా చదివే ఆదత్ పాతది. తెలుగులో చదివితే ఫోన్లో ఇరవైకీ అరవైకీ ఫర్క్ తెలియదు, యాభై ఎనభైలా వినిపిస్తుంది. ఉర్దూలో మసలా ఇంకా పెద్దది. 69ని ఉన్‌హత్తర్ అంటాం, అంటే డెబ్బైకి ఒకటి తక్కువ. 79 ఉనాసీ, అంటే ఎనభైకి ఒకటి తక్కువ. కానీ 89 దగ్గర ఈ ఉసూల్ మారి నవాసీ అవుతుంది. నానీకి ఇవన్నీ జబానీ యాద్. ఇంగ్లీష్ మీడియం మనవడు మాత్రం "ఉన్‌హత్తర్"లో "హత్తర్" విని 79 రాసేస్తాడు, "ఉనాసీ" అంటే "ఉనాసీ క్యా, నవాసీ?" అని అడుగుతాడు. రెండేసి రాస్తే చదివేవాళ్ల నోట జోడీ మాటలే వస్తాయి. ఐదంకెల ముక్కను అలా జోడీలు కట్టలేరు, ఒకటి మిగిలిపోతుంది. అందుకని నోరు దానంతటదే ఒక్కొక్క అంకె చెప్పడానికి వస్తుంది.

ఇంకో ఫాయిదా ఉంది. స్మార్ట్‌ఫోన్ కాంటాక్టుల్లోనూ, వాట్సాప్‌లోనూ మన దేశపు మొబైల్ నంబరు సాధారణంగా ఐదూ ఐదుగానే కనపడుతుంది. బోర్డు మీద కూడా అలాగే ఉంటే డయల్ చేశాక స్క్రీన్‌నూ బోర్డునూ ముక్కకు ముక్క పోల్చుకోవచ్చు. పైగా మొదటి ముక్క మన చెవులకు పరిచయమైందే. 9848 అంటే ఐడియా, 9440 అంటే బిఎస్ఎన్ఎల్ అని గుర్తుపట్టిన రోజులున్నాయి కదా. 2011 జనవరిలో దేశమంతటా నంబరు పోర్టబిలిటీ వచ్చాక కంపెనీ గుర్తు పోయింది, కానీ ఆ మొదలు మాత్రం నోటికి అలవాటై ఉంది. కొత్తగా యాద్ పెట్టుకోవలసింది చాలాసార్లు వెనక ఐదే.

ల్యాండ్‌లైన్‌కు ఈ లెక్క వర్తించదు. అక్కడ విరగాల్సింది ఎస్టీడీ కోడ్ దగ్గర. మైలవరం కోడ్ 08659, దాని తర్వాత ఆరంకెలు. విజయవాడ కోడ్ 0866, దాని తర్వాత ఏడు. రెండూ 0865, 0866 అని దాదాపు ఒకేలా మొదలవుతాయి, మొత్తం పదకొండు అంకెలే. ఖాళీ ఒక అంకె అటో ఇటో జరిగితే ఊళ్లోవాళ్లు కోడ్ వదిలేసి మిగతాది చేసినప్పుడు ఒక అంకె ఎక్కువో తక్కువో అవుతుంది.

ఇప్పుడు మన ఇష్తెహార్లకే ఉన్న అసలు ఖతరా. జల్సా పోస్టర్లూ, షాదీ రుఖాలూ మనం ఉర్దూలోనూ వేస్తాం. ఉర్దూ కుడి నుంచి ఎడమకు, అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికి. కలిపి రాసిన నంబరుకు ఏమీ కాదు. మధ్యలో ఖాళీ పెడితే మాత్రం ఫోన్లూ కంప్యూటర్లూ పాటించే యూనికోడ్ ఖాయిదా ప్రకారం ఆ రెండు ముక్కలూ రెండు వేరు వేరు మాటల్లాంటివి. ఉర్దూ లైనులో మొదటి మాట కుడివైపు కూర్చుంటుంది, రెండోది దాని ఎడమకు వెళ్తుంది. అప్పుడు మన నంబరు ఇలా అచ్చవుతుంది:

07719 50400

చూసేవాళ్లకు ముందున్న సిఫర్ ఎస్టీడీ సున్నాలా కనపడుతుంది. దాన్ని తీసేసి చేస్తారు, తొమ్మిదంకెలు, కాల్ పోదు. రెండు ముక్కలూ 6 నుంచి 9 లోపు అంకెతో మొదలైతే ఇంకా ఘోరం, సగాలు తారుమారైన నంబరు ఎవరో అజ్నబీ ఇంట్లో మోగుతుంది. ఖాళీకి బదులు డాష్ పెడితే సరిపోతుందా అంటే, ముందు ఉర్దూ అక్షరాలుంటే అది కూడా ఆపలేదు. ఇలాజ్ సులువే. నంబరును ఉర్దూ వాక్యంలో ఇరికించకుండా కింద వేరే బాక్సులో పెట్టి, ఆ బాక్సు దిశను ఎడమ నుంచి కుడికి అని మార్చమని డీటీపీ భాయ్‌కు చెప్పండి. ప్రూఫ్ వచ్చాక దాన్ని చూసి మీరే ఒకసారి కాల్ చేయండి. చేతిలో ఉన్న కాగితం చూసి కాదు, ప్రూఫ్ చూసి.

దుకాణదారులు కొందరు "మాది ఫ్యాన్సీ నంబరు భాయ్, 4000 విడిగా కనపడాలి" అని 50 4000 7719 లాగా వేయిస్తారు. గుర్తుండడానికి అది మంచిదే, కాదనను. కానీ బోర్డు మీద ఒకలా, కార్డు మీద ఒకలా, బిల్లు బుక్కు మీద ఇంకోలా ఉంటే గిరాకీకి ఏ తీరూ యాద్ ఉండదు. మనకు గుర్తుండేది అంకెలకన్నా వాటి ఆగుడు. ఏ తీరైనా ఒక్కటే పెట్టుకోండి.

ఖాళీలు పెట్టినంత మాత్రాన అన్ని గల్తీలూ పోవు. ఆధార్ నంబరు నాలుగేసి అంకెలుగా ఉంటుంది, పైగా దాని చివరి అంకె మిగతా పదకొండింటిని లెక్కగట్టి వేసింది. ఒక అంకె తప్పు రాస్తే కంప్యూటర్ పట్టేస్తుంది. మొబైల్ నంబరుకు ఆ కాపలా లేదు. ఒక అంకె మారితే అది ఇంకొకరి నంబరు అయ్యే అవకాశమే ఎక్కువ. అంకె తగ్గితే ఐదు ఐదు పట్టిస్తుంది, మారితే పట్టించదు. దానికి రాసుకున్నవాళ్లు తిరిగి చదివి వినిపించడమే దవా. చందా పంపేవాళ్లు ఫోన్‌పేలో వచ్చే పేరు చూశాకే బటన్ నొక్కాలి.

మస్జిద్ కమిటీవాళ్లకు నా గుజారిష్ ఒక్కటే. కొత్త ఫ్లెక్స్ వేయించేదాకా ఆగకండి. గోడ మీద ఇప్పుడున్న మయ్యిత్ ఖిద్మత్ నంబరు కింద, ఒక పెద్ద తెల్ల కాగితం మీద, మార్కర్‌తో ఐదూ ఐదుగా ఈ జుమాకే రాసి అతికించండి. ఆ గోడ ముందు అర్ధరాత్రి నిలబడేవాళ్లకు సిఫర్లు లెక్కపెట్టే హోష్ ఉండదు.

ఖుదా హాఫిజ్.